2 కోట్లకు 20 శాతం: ఫండింగ్ తీసుకోవాలా, సొంతంగా లాగాలా?

మాదాపూర్ డెవలపర్: ఆసుపత్రుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం. ఇద్దరం ఫౌండర్లం, చెరి సగం. ఒక వీసీ ఫండ్ వాళ్లు 8 కోట్ల ప్రీ-మనీ మీద, అంటే పెట్టుబడికి ముందు కంపెనీ విలువ 8 కోట్లని లెక్కగట్టి, 2 కోట్లు పెడతామంటున్నారు. ఉద్యోగులకు ఇవ్వడానికి పక్కన పెట్టే షేర్లు, అదే ఈసాప్ పూల్, 10 శాతం ఉండాలని కూడా అడిగారు. అప్పుడు మాకు చెరో 40 శాతం మిగులుతుంది కదా? లేక ఇంకో ఏడాది సొంత డబ్బుతోనే నడపమంటారా?

బెజవాడ సీఏ: 40 కాదండీ, చెరో 35. పూల్‌ను పెట్టుబడి రాకముందే పెట్టమని, పెట్టుబడి షరతులు ఉండే టర్మ్ షీట్‌లో సాధారణంగా రాస్తారు. డబ్బు పడ్డాక కంపెనీ విలువ 10 కోట్లు. అందులో వాళ్లకు 20 శాతం, పూల్‌కు 10, మీ ఇద్దరికీ కలిపి 70. అంటే మీ కంపెనీకి వాళ్లు నిజంగా కట్టిన వెల 7 కోట్లే. అదే పూల్ పెట్టుబడి తర్వాత పెడితే ఆ కోత అందరి మీదా పడుతుంది: వాళ్లకు 18, మీకు 72. దానికి వాళ్లు ఒప్పుకోకపోతే, వచ్చే ఏడాదిన్నరలో ఎవరెవరిని తీసుకుంటారో రాసి చూపించి పూల్‌ను 5కు తగ్గించమనండి. అప్పుడు మీకు 75 ఉంటుంది.

సొంత పెట్టుబడి: అసలు ఎందుకు తీసుకోవాలి? జెరోధా 2010 నుంచి బయటి పెట్టుబడి లేకుండానే నడుస్తోంది. తప్పదంటే 51 శాతం దాటి ఉంచుకోండి, పెత్తనం మీదే.

బెజవాడ సీఏ: మామూలు తీర్మానాలకు 51 చాలు, నిజమే. కానీ షేర్‌హోల్డర్ల ఒప్పందంలో ‘రిజర్వ్‌డ్ మ్యాటర్స్’ అని ఒక జాబితా ఉంటుంది. కొత్త షేర్లు, కంపెనీ అమ్మకం, పెద్ద అప్పులు, ఒక్కోసారి మీ జీతం కూడా అందులో ఉంటాయి. వాటికి ఇన్వెస్టర్ రాతపూర్వక అనుమతి కావాలి. మీ దగ్గర 70 ఉన్నా సరే. ఇక జెరోధా బ్రోకరేజి వ్యాపారం, ట్రేడ్ జరిగిన రోజే ఫీజు వస్తుంది. ఆసుపత్రి బిల్లు పాస్ కావడానికి నెలలు పడుతుంది.

వరంగల్ నుంచి: మాది ఫండింగ్ లేని కంపెనీయే, అయినా ఇరుక్కున్నాం. 40 శాతం ఉన్న మిత్రుడు ఏడాది తిరక్కముందే ఉద్యోగానికి వెళ్లిపోయాడు. పనిచేసిన కాలాన్ని బట్టే షేర్లు దక్కేలా వెస్టింగ్ రాసుకోలేదు, షేర్లు ఆయన పేరు మీదే ఉన్నాయి. ఇప్పుడు బయటివాళ్లకు కొత్త షేర్లు ఇవ్వాలంటే ప్రత్యేక తీర్మానం కావాలి, పడిన ఓట్లలో నాలుగింట మూడు వంతులు రావాలి. ఆయన కాదంటే ఆగిపోయినట్టే. మీరిద్దరూ చెరి సగం అన్నారు, ఈ రోజే వెస్టింగ్ రాసుకోండి.

మాదాపూర్ డెవలపర్: వెస్టింగ్ మేమూ రాసుకోలేదు, ఈ వారమే రాసుకుంటాం. మాకు నెలకు రాబడి 4 లక్షలు, ఖర్చు 5.5 లక్షలు.

సొంత పెట్టుబడి: ఏడాదికి లోటు 18 లక్షలు. దానికోసం ఐదో వంతు కంపెనీ ఇస్తారా? రెండు ఆసుపత్రులను ఏడాది ఫీజు ముందే కట్టమని అడగండి.

బెజవాడ సీఏ: అడగడం మంచిదే. కానీ ఆసుపత్రి ఒకసారి ఒక సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే ఏళ్ల తరబడి మార్చదు. ఈ ఏడాది మీ ఊళ్లో వేరేవాళ్లు ఎన్ని ఆసుపత్రుల్లో దిగుతున్నారో తెలిస్తే గానీ నేను అటో ఇటో చెప్పలేను.