పాత కొట్టుకి కొత్త పేరు: పాత ఖాతాలవాళ్ళకి ఈ ఉత్తరం పంపొచ్చా?

గోదారి గట్టు:
రాజమండ్రిలో మాది స్టీలు, ఇత్తడి సామాన్ల కొట్టు. తాతగారి పేరుతో నడిచేది, నాన్న, పెదనాన్న పార్ట్‌నర్లు. ఈమధ్య విడిపోయారు. పేరు, గుడ్‌విల్ పెదనాన్న డబ్బిచ్చి తీసుకుని వేరే వీధిలో పెట్టుకుంటున్నారు. పాత కొట్టు నాన్నకి వచ్చింది. నాన్న రాసిన ఉత్తరం ఇది:

"మీ ఇంటి ఆడపిల్లల సారెకి బిందె దగ్గర్నుంచి దీపపు కుందుల దాకా మా దగ్గరే కొన్నారు. బోర్డు మీద పేరొక్కటే మారుతోంది. కొట్టు అదే, మనుషులూ వాళ్ళే. ఇకముందు కూడా మా దగ్గరికే రండి."

విడిపోయిన సంగతి ఇందులో రాయాలా, వద్దా? ఇంట్లో దీని మీదే గొడవ.

శ్రీచక్రం:
కొత్త పేరు ఏమనుకున్నారో చెప్పండి. నాన్నగారి పుట్టిన తేదీ ఇస్తే ఏ అక్షరం కలిసొస్తుందో చూస్తాను.

గోదారి గట్టు:
పేరు కుదిరిందండీ. గొడవ ఉత్తరంతోనే.

చెరుకూరి వారబ్బాయి:
రాయకండి. ఇంటి గుట్టు ఊరికెందుకు? అసలు పేరు ఎందుకు వదులుకోవాలి? సొంత పేరుతో వ్యాపారం చేసుకునేవాణ్ణి ఎవరూ ఆపలేరని ట్రేడ్‌మార్క్ చట్టంలోనే ఉంది. తాత పేరు ఇద్దరిదీ.

పద్దుల పంతులు:
ఆ చట్టం 35వ సెక్షన్లో మీరన్నది ఉంది, నిజాయితీగా వాడుకునేవాడికి. ఇక్కడ డబ్బు పుచ్చుకుని పేరు వదిలేశారు.

గట్టుగారూ, విడిపోయిన సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ ఉత్తరం పంపొచ్చో లేదో చూడండి. 1932 భాగస్వామ్య చట్టం 55వ సెక్షన్ ప్రకారం గుడ్‌విల్ అమ్మేసిన పార్ట్‌నరు పోటీగా కొట్టు పెట్టుకోవచ్చు, ప్రకటనలూ ఇచ్చుకోవచ్చు. పాత పేరు మాత్రం వాడకూడదు. పాత ఫర్మ్‌ని తనే నడుపుతున్నట్టు చెప్పుకోకూడదు. ఫర్మ్ రద్దయ్యే ముందు వరకు అక్కడ కొన్నవాళ్ళని నా దగ్గరికి రండని పిలవకూడదు. డీడ్‌లో ఇద్దరూ వేరేగా రాసుకుని ఉంటే ఆ మాటే చెల్లుతుంది. మీ ఉత్తరంలో "పేరొక్కటే మారుతోంది" అన్నది రెండోదానికి అడ్డొస్తుంది, "మా దగ్గరికే రండి" అన్నది మూడోదానికి. బజారంతా పాంప్లెట్లు పంచితే ప్రకటన. పాత ఖాతా పుస్తకం తీసి ఆ నంబర్లకే వాట్సాప్ చేస్తే మీ పెదనాన్నగారి లాయరుకి పని దొరికినట్టే.

చెరుకూరి వారబ్బాయి:
అన్నదమ్ములు లాయర్ల దాకా వెళ్తారా అండీ!

పద్దుల పంతులు:
వీళ్ళు వెళ్తారని కాదు. రేపు పిల్లల చేతికి వచ్చాక వెళ్తారు.

కుట్టుమిషన్ లక్ష్మి:
మా టైలరింగ్ షాపులో భాగస్వామి విడిపోయి పేరు మారినప్పుడు ఎందుకు మారిందని అడిగినవాళ్ళు తక్కువ. "మా జాకెట్లకి ఇచ్చిన అడ్వాన్సు సంగతేంటి?" అనే అందరూ అడిగారు. కౌంటర్ మీద పాత క్యూఆర్ స్టిక్కర్ అలాగే ఉండటంతో కొందరి డబ్బు పాత ఖాతాలో పడింది. దాన్ని వెనక్కి రాబట్టుకోడానికి నాకు వచ్చిన టెన్షన్ అంతా ఇంతా కాదు. పెళ్ళి సామాన్లకి అడ్వాన్సులు తీసుకునే ఉంటారుగా, వాటి గురించి ఉత్తరంలో ఒక్క ముక్క లేదేం?

పద్దుల పంతులు:
మంచి మాట అన్నారమ్మా. పాత రసీదు మీద తీసుకున్న అడ్వాన్సు ఫర్మ్ బాకీ. విడిపోయినా బయటివాళ్ళకి ఇద్దరూ జవాబుదారులే. రద్దయినట్టు పబ్లిక్ నోటీసు పడేదాకా ఒకరు పాత పేరుతో చేసే కొత్త అప్పు కూడా రెండోవారికి చుట్టుకోవచ్చు. రిజిస్టర్డ్ ఫర్మ్ అయితే రిజిస్ట్రార్‌కి తెలియజేయాలి, గెజెట్‌లో, జిల్లాలో చదివే ఒక తెలుగు పేపర్లో వేయించాలి. ఉత్తరం కన్నా ముందు ఆ పని చూడండి. ఫర్మ్ పాన్ వేరు, నాన్నగారి పాన్ వేరు కాబట్టి జీఎస్టీ నంబరు కూడా కొత్తదే తీసుకోవాలి. పాత నంబరుతో బిల్లు కొట్టకండి.

సారె కొన్న అత్తగారు:
కొనేదాన్ని కాబట్టి చెబుతున్నా. మా కోడలి బిందెల మీద పేర్లు చెక్కింది మీ కొట్లోనే అనుకుంటా. పాత పేరు ఒక వీధిలో, పాత మనుషులు ఇంకో వీధిలో ఉంటే ఏది ఎవరిదో చెప్పకపోతే ఎలా? విడిపోయారని రాయండి, ఎందుకో రాయక్కర్లేదు.

గోదారి గట్టు:
అందరి మాటా విని ఇలా మార్చాను:

"మా ఫర్మ్ రద్దయింది. పాత పేరుతో వ్యాపారం ఇకపై మా అన్నయ్యగారు కొత్త చోట నడుపుతారు. ఈ చోట నేను వేరే పేరుతో కొట్టు నడుపుతున్నాను. పాత రసీదుల మీద అడ్వాన్సు ఇచ్చినవారికి సామాన్లు ఇక్కడే ఇస్తాం. దయచేసి పాత క్యూఆర్‌కి డబ్బు పంపకండి."

పద్దుల పంతులు:
ఇది నయం. అడ్వాన్సులు మీరే తీరుస్తారన్నది పెదనాన్నగారు కూడా ఒప్పుకోవాలి. ఇద్దరి సంతకంతో పంపితే ఏ పేచీ ఉండదు.

గోదారి గట్టు:
అక్కడే ఆగింది. మార్చిన ఉత్తరం నాన్నకి నచ్చింది. పెదనాన్నకి చూపించడానికి మాత్రం ఒప్పుకోవట్లేదు.

కుట్టుమిషన్ లక్ష్మి:
మీ పెద్దమ్మ చేతికివ్వండి బాబూ.

పద్దుల పంతులు:
ఇంకొకటి. పాత బిల్లుల మీదున్న ఫోన్ నంబరు డీడ్‌లో ఎవరికి రాశారు?

గోదారి గట్టు:
దాని ఊసే లేదండీ. ఇప్పటికైతే నాన్న జేబులోనే మోగుతోంది.