జిల్లా పేరు మారిస్తే గ్యాప్ అవుతుందా? ఎం.ఎడ్. డిసర్టేషన్ అంశంపై చర్చ

శ్రావణి_ఎంఎడ్

ఎం.ఎడ్. రెండో ఏడాదిలో ఉన్నాను. త్వరలో సినాప్సిస్ ఇవ్వాలి. "గత ఐదేళ్ల పరిశోధనలో గ్యాప్ చూపించు, శీర్షిక సంగతి ఆ తర్వాత" అని మా గైడ్ గారు అంటున్నారు. ప్రభుత్వ బడుల్లోని ద్విభాషా పాఠ్యపుస్తకాల మీద చేయాలని నా కోరిక. గూగుల్ స్కాలర్‌లోనూ శోధ్‌గంగాలోనూ మా జిల్లా పేరు కలిపి వెతికితే ఒక్కటీ రాలేదు. దీన్ని గ్యాప్ అని రాసుకోవచ్చా? అసలు గ్యాప్ నుంచి మొదలుపెట్టాలా, బడిలో కనిపించే సమస్య నుంచా?

కోనసీమ_పంతులు

బడి నుంచే మొదలుపెట్టమ్మా. నేను ఏడో తరగతికి సైన్సు చెబుతాను. పుస్తకంలో ఒక పక్క తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు. ఇంగ్లీషు వాక్యం చదివి, తెలుగులో నోటితో వివరిస్తాను. ఆ వివరణ ఎదురు పేజీలో అచ్చై ఉన్నా, పిల్లలు దాని వంక చూడరు. కొందరైతే తెలుగు పేజీల మీద బొమ్మలు గీసుకుంటారు. అంత ఖర్చుపెట్టి అచ్చువేసిన పేజీని ఎందుకు చదవడం లేదన్నది నాకు పెద్ద ప్రశ్న. దీనికి గూగుల్ ఎందుకు? ఈ గ్యాప్ వేట పత్రికల్లో వ్యాసాలు వేసుకునేవారి గొడవ.

గ్రంథాలయం_విశాఖ

పంతులు గారి ప్రశ్న బంగారం లాంటిది, కానీ దాన్ని ఇప్పటికే ఎవరైనా అడిగారో లేదో చూడకుండా సినాప్సిస్‌లో పెట్టలేం. అంతకంటే ముందు శ్రావణి గారి వెతుకులాట గురించి ఒక మాట.

ఏమీ రాకపోవడానికి కారణం పరిశోధన లేకపోవడమే కానక్కర్లేదు. శోధ్‌గంగా ప్రధానంగా పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల నిల్వ. ఎం.ఎడ్. డిసర్టేషన్లు చాలావరకు కళాశాల గ్రంథాలయంలో బైండు చేసిన ప్రతులుగానే ఉండిపోతాయి, కాబట్టి మీ జిల్లా మీద పని జరిగి ఉన్నా అక్కడ కనిపించదు. ఇక ఇదే విషయాన్ని ఒకరు బోధనా మాధ్యమం అంటారు, ఇంకొకరు కోడ్ మిక్సింగ్ అంటారు, మరొకరు ట్రాన్స్‌లాంగ్వేజింగ్ అంటారు. పుస్తకం అనే మాట శీర్షికలో ఉండకపోవచ్చు. జిల్లా పేరు తీసేసి ఇలా వెతికి చూడండి:

```
("bilingual textbook" OR "dual language textbook" OR translanguaging OR "medium of instruction") (Telugu OR Telangana OR "Andhra Pradesh")
```

మాట మార్చగానే ఫలితాలు కుప్పగా వచ్చిపడితే, ఖాళీ మీరు టైపు చేసిన మాటలో ఉందన్నమాట, పరిశోధనలో కాదు. నాలుగైదు పేర్లతో వెతికాక కూడా అవే వ్యాసాలు మళ్లీ మళ్లీ ఎదురవుతుంటే వెతకడం ఒక కొలిక్కి వచ్చినట్టు.

రాజు_టెట్

ఇంత కష్టం అవసరం లేదండీ. ఈమధ్య వచ్చిన రెండు మూడు థీసిస్‌లు తీసి, చివరి అధ్యాయంలో "తదుపరి పరిశోధనకు సూచనలు" చూడండి. గ్యాప్ అక్కడ రాసే ఉంటుంది. మా సీనియర్లందరూ అలాగే చేశారు.

గ్రంథాలయం_విశాఖ

సగం నిజం, రాజు గారూ. ఆ అధ్యాయం చదవాల్సిందే. కానీ "ఇదే అధ్యయనాన్ని ఇతర జిల్లాల్లో, పెద్ద నమూనాతో చేయవచ్చు" అన్న వాక్యం దాదాపు ప్రతి థీసిస్‌లోనూ ఉంటుంది. అది మర్యాదకు రాసే వాక్యం. దాన్ని పట్టుకుని పోతే జిల్లా పేరు మారిన పాత డిసర్టేషనే తయారవుతుంది. నిజమైన ఆచూకీ "పరిమితులు" అన్న చోట, పద్ధతి వివరించిన చోట దొరుకుతుంది. ఎవరిని కొలిచారు, దేన్ని కొలవలేదు అన్నది అక్కడే బయటపడుతుంది.

ఉదాహరణకు, ఆంధ్రప్రదేశ్‌లో 2008లో మొదలైన ప్రైవేటు బడుల వోచర్ల ప్రయోగం. మురళీధరన్, సుందరరామన్ 2015లో ప్రచురించారు. వోచరుతో ప్రైవేటు బడికి వెళ్లిన పిల్లలకు నాలుగేళ్ల తర్వాత కూడా తెలుగులో, లెక్కల్లో మార్కులు ప్రభుత్వ బడి పిల్లల కంటే ఎక్కువ రాలేదు, హిందీలో వచ్చాయి. మాధ్యమం గురించి కూడా అందులో చర్చ ఉంది. కానీ చేతికి వచ్చింది పరీక్ష మార్కులు. పాఠం జరుగుతున్నప్పుడు పిల్లవాడు ఏ భాషలో ఏం చదువుతున్నాడన్నది ఆ పద్ధతితో తెలియదు.

తర్వాత ఢిల్లీ, హైదరాబాద్, బిహార్ బడుల్లో మల్టీలీలా అనే ప్రాజెక్టు జరిగింది. ప్రాథమిక తరగతుల పిల్లల భాషా సామర్థ్యాలతో పాటు, తరగతిలో ఉపాధ్యాయులు భాషల్ని ఎలా కలిపి వాడుతున్నారో కూడా చూశారు. పేరుకు ఇంగ్లీషు మీడియమైనా నడిచేది రెండు భాషల్లో అని అందులో కనిపిస్తుంది. అంటే టీచరు మాట గురించి కొంత తెలుసు, పిల్లల మార్కుల గురించి కొంత తెలుసు. ఈ రెండింటికీ మధ్య, పిల్లవాడి చేతిలో ఉన్న ఎదురు పేజీ సంగతి?

ఆ గడి నిజంగా ఖాళీయేనా అన్నది శ్రావణి గారే తేల్చాలి. దొరికిన ప్రతి వ్యాసానికి ఒక వరుస చొప్పున పట్టిక వేయండి: ఏ తరగతి, ఏ సబ్జెక్టు, ఏ ఏడాది సమాచారం, ఎవరిని చూశారు, దేనితో కొలిచారు. పదిహేను, ఇరవై వరుసలు నిండేసరికి ఏ నిలువు గడి ఖాళీగా ఉందో కంటికే కనబడుతుంది. ముఖ్యమైన వ్యాసాలను ఎవరెవరు ఉటంకించారో స్కాలర్‌లో నొక్కి, తర్వాత వచ్చినవి కూడా చూడండి. నిరుటి వ్యాసం ఒక్కటి ఆ గడిని నింపేసి ఉండవచ్చు.

తెలుగుబిడ్డ_1956

అసలు ఇంగ్లీషు మీడియమే తప్పు. అమ్మభాషలో చదివితేనే బుర్ర వికసిస్తుంది. ఇలాంటి పుస్తకాల మీద పరిశోధనలు చేసి ప్రభుత్వ విధానానికి వత్తాసు పలకవద్దు.

శ్రావణి_ఎంఎడ్

పెద్దవారు, మీ బాధ అర్థమైంది. కానీ నేను అడిగింది మాధ్యమం మంచిదా చెడ్డదా అని కాదండీ. అంశం ఎలా ఎంచుకోవాలి అని.

లీడ్స్_నుంచి

నేను ఇక్కడ ఎడ్యుకేషన్‌లో మాస్టర్స్ చేశాను. మా గైడ్ గ్యాప్ అన్న మాటే ఎత్తలేదు. "నీ ప్రశ్నకు జవాబు తెలిస్తే ఎవరికి ఏమి ఒరుగుతుంది?" అని మాత్రం ప్రతిసారీ అడిగేవారు. మాస్టర్స్ స్థాయిలో కొత్త జ్ఞానం కనిపెట్టమని ఎవరూ అనరు, తెలిసిన దాని పక్కన మన ప్రశ్నను సరిగ్గా నిలబెట్టగలిగితే చాలు. మీ దగ్గర ఎందుకు ఇంత పట్టుపడుతున్నారో తెలియదు.

లెక్చరర్_హన్మకొండ

నా అభ్యంతరం ఇంకాస్త లోతైనది. మేనేజ్‌మెంట్ పరిశోధన రంగంలో ఆల్వెసన్, శాండ్‌బెర్గ్ 2011లోనే దీన్ని గట్టిగా విమర్శించారు. ఉన్న పరిశోధనలో ఖాళీలు వెతుక్కుంటూ పోతే, ఆ పరిశోధన కింద ఉన్న నమ్మకాలను ఎవరూ ప్రశ్నించరు, ఖాళీ నిండుతుంది తప్ప ఆలోచన కదలదు అని వారి వాదన. ఇక్కడే చూడండి. రెండు భాషల్లో అచ్చువేస్తే పిల్లలు రెండూ వాడుకుంటారని పుస్తకం తయారు చేసినవారు అనుకున్నారు. ఆ నమ్మకాన్ని తిరగేసి అడగడమే అసలు ప్రశ్న. పట్టికలో ఖాళీ గడి ఆ పని చేయదు.

గత ఐదేళ్లు అన్న గీత కూడా నాకు నచ్చదు. ఆంధ్రలో ఈ పుస్తకాలు 2020లో వచ్చాయి. తెలంగాణలో 2022-23లో ఇంగ్లీషు మీడియంతో పాటు వచ్చాయి. తరగతిగది సమాచారానికి గీత అక్కడ గీయాలి. సిద్ధాంతానికి మాత్రం అంత దగ్గరలో గీయకూడదు. మాట్లాడే భాషకూ, చదువుకునే భాషకూ తేడా ఉందని కమిన్స్ 1979లో చెప్పింది వదిలేసి ఈ ప్రశ్నను ఎలా వివరిస్తారు?

గ్రంథాలయం_విశాఖ

గీత విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను సార్. మొదటి దానితో కాదు. ఆ నమ్మకాన్ని ఇంకెవరూ ప్రశ్నించలేదని మీకు ఎలా తెలుస్తుంది? మళ్లీ పట్టికే వేయాలి.

లెక్చరర్_హన్మకొండ

వేయాలి. కానీ ప్రశ్న పట్టిక కంటే ముందు పుట్టాలి అంటున్నాను. ముందు పట్టిక వేసే విద్యార్థి పట్టికలోనే ఉండిపోతాడు.

పాడేరు_టీచర్

జిల్లా మారిస్తే గ్యాప్ కాదని అందరూ అంటున్నారు, నేను ఒప్పుకోను. మా బడిలో కువి మాట్లాడే పిల్లలు, కొటియా మాట్లాడే పిల్లలు ఉన్నారు. ఆ పుస్తకంలో రెండు పేజీలూ వాళ్ల ఇంటి భాష కావు. కోనసీమలో తెలుగు పేజీ ఊతం కావచ్చు, ఇక్కడ అది ఇంకో పరాయి పేజీ. ఆదివాసీ భాషల్లో వాచకాలు తెచ్చిన బహుభాషా విద్యా కార్యక్రమం ఈ రాష్ట్రంలోనే నడిచింది, దాని అనుభవం ఉంది. చోటు మారితే ఫలితం ఎందుకు మారుతుందో కారణం చెప్పగలిగినప్పుడు, చోటు మార్చడమే మంచి గ్యాప్.

గ్రంథాలయం_విశాఖ

సరిగ్గా చెప్పారు. ఊరి పేరు మారడం వేరు, సిద్ధాంతం ప్రకారం ముఖ్యమైన ఒక పరిస్థితి మారడం వేరు. సినాప్సిస్‌లో "ఈ జిల్లాలో అధ్యయనం జరగలేదు" అన్న వాక్యం తర్వాత "కాబట్టి" అని రాయడానికి ఏమీ లేకపోతే దాన్ని కొట్టేయాలి. మీ విషయంలో "కాబట్టి" ఉంది.

కోనసీమ_పంతులు

అంటే ఇప్పుడు మా బడి పనికిరాదనా?

పాడేరు_టీచర్

అయ్యో, అలా కాదు పంతులు గారూ. రెండూ పక్కపక్కన పెడితేనే రుచి.

శ్రావణి_ఎంఎడ్

పట్టిక మొదలుపెట్టాను. "ఎవరిని చూశారు" అన్న గడిలో ఎక్కువగా ఉపాధ్యాయులే ఉన్నారు. "దేనితో కొలిచారు" అన్న చోట పరీక్షలు, ప్రశ్నావళులు. పిల్లలు పుస్తకం చదువుతుండగా పక్కన కూర్చుని చూసినది ఇప్పటివరకు నాకు దొరకలేదు. ఏడో తరగతి సైన్సు తీసుకుని మైదానంలో ఒక బడి, ఏజెన్సీలో ఒక బడి చేద్దామా అని ఉంది. మా గైడ్ గారు మాత్రం రెండు వందల మందికి ప్రశ్నావళి ఇస్తే ఒక సెమిస్టరులో తేలిపోతుంది అంటున్నారు.

గ్రంథాలయం_విశాఖ

"తెలుగు పేజీ చదువుతావా?" అని ప్రశ్నావళిలో అడిగితే, టీచరుకు నచ్చే జవాబు రాస్తారు. మీ ఖాళీ ప్రవర్తనలో ఉంటే సాధనం కూడా ప్రవర్తననే చూడాలి, లేదంటే ఖాళీ ఒకటి, కొలిచింది ఒకటి అవుతుంది. వైవాలో పట్టుకునేది అక్కడే. బడికి ఆరు పీరియడ్లు కూర్చుని, ఐదు నిమిషాలకోసారి ఏ పేజీ వాడుకలో ఉందో రాసుకోండి. తర్వాత బడికి ఎనిమిది మంది పిల్లలను ఒక్కొక్కరిగా పిలిచి, ఇంకా చెప్పని పాఠంలోంచి ఒక పేరా ఇచ్చి, పైకి చదివి అర్థం చెప్పమనండి. ఎక్కడ ఆగి పక్క పేజీకి వెళ్లారో, వెళ్లి అక్కడి మాటను గుర్తుపట్టారో లేదో చూడండి. తెలుగు పేజీలో "కిరణజన్య సంయోగక్రియ" అని ఉంటే, అది ఇంగ్లీషు మాట కంటే తేలికేమీ కాదు కదా. పంతులు గారి పిల్లలు ఆ వైపు చూడకపోవడానికి అది ఒక కారణం కావచ్చు.

పదహారు మందితో రాష్ట్రం గురించి తీర్పు చెప్పలేరు. అది పరిమితుల్లో నిజాయితీగా రాయండి. బడి అనుమతి, తల్లిదండ్రుల సమ్మతి పత్రాలు ముందే మొదలుపెట్టండి, వేసవి సెలవులు వస్తే అంతా ఆగిపోతుంది.

లెక్చరర్_హన్మకొండ

ఏజెన్సీ బడిలో కువి రాకుండా పిల్లవాడు పైకి ఆలోచించేది ఆమెకు ఎలా అర్థమవుతుంది? దుబాసీని పెడితే పిల్లవాడి మాట మారిపోతుంది. నా సలహా, ఒకే బడి, లోతుగా.

పాడేరు_టీచర్

దుబాసీ అక్కర్లేదు, మా బడిలో కువి వచ్చిన వాలంటీరు ఉన్నారు, రికార్డు చేసి తర్వాత ఇద్దరూ కూర్చుని రాసుకోవచ్చు. ఏజెన్సీని వదిలేయమనే మాట మాత్రం ప్రతిసారీ ఇలాగే వస్తుంది సార్.

రాజు_టెట్

గైడ్ గారు ఒప్పుకోకపోతే ఇదంతా వృథానే కదా. ముందు ఆయనకు ఆ పట్టిక చూపించండి, శీర్షిక చెప్పకుండా.