చలి ఉదయాన బండి అందుకోకపోతే తప్పు డీజిల్ సీటేన్‌దా, బండిదా?

సిమిలిగుడ కూరగాయల బండి: మాది 2006 నాటి పికప్, నాలుగు సిలిండర్లు, పాతరకం డీజిల్ పంపు. డిసెంబరులో తెల్లవారుజామున కుందులి సంతకు బయలుదేరేటప్పుడు ఐదారుసార్లు సెల్ఫ్ కొడితే గాని అందుకోదు. అందుకున్నాక ఒక నిమిషం టకటకమని కొట్టుకుంటూ తెల్లపొగ వదులుతుంది, తర్వాత మామూలే. మెకానిక్ "డీజిల్‌లో సీటేన్ తక్కువ, ప్రీమియం పోయించండి" అన్నాడు. అంత డబ్బు పెట్టడం అవసరమా?

జయపురం మెకానిక్: మీ మెకానిక్ చెప్పినది నిజమే. సీటేన్ ఎక్కువైన డీజిల్ వేడి గాలి తగలగానే అంటుకుంటుంది, తక్కువైనది ఆలస్యం చేస్తుంది. ప్రీమియం వద్దనుకుంటే, పది లీటర్ల డీజిల్‌లో ఒక లీటరు కిరోసిన్ కలిపి చూడండి. మా గురువుగారి కాలం నుంచీ చలికాలంలో అలాగే చేస్తున్నాము.

డీజిల్ ల్యాబు విశ్రాంత ఉద్యోగి, విశాఖ: మెకానిక్ గారూ, మీ మొదటి మాట సరైనదే గాని, రెండో మాట దానికే ఎదురు నిలుస్తుంది. కిరోసిన్ సీటేన్ సాధారణంగా డీజిల్ కంటే తక్కువ, కాబట్టి అది కలిపితే అంటుకోవడం మరింత ఆలస్యమవుతుంది. పైగా ఈ పాత పంపులోని కదిలే భాగాలకు డీజిలే కందెన, దానిని పలుచన చేస్తే పంపు అరుగుతుంది. కిరోసిన్ కలిపే అలవాటు వచ్చింది వేరే బాధ కోసం. చలికి డీజిల్‌లోని మైనం గడ్డకట్టి ఫిల్టరు మూసుకుపోయే చోట అది కొంత పనిచేసేది. అలాంటప్పుడు బండి చక్కగానే అందుకుని, కొన్ని నిమిషాలు నడిచి, ఊపిరాడక ఆగిపోతుంది. ఈ పికప్ గుణం దానికి సరిగ్గా తలకిందులుగా ఉంది.

ఇక్కడ జరిగేది ఇది. సెల్ఫ్ మీద ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది. సిలిండర్ గోడలు చల్లగా ఉన్నందున నొక్కుకుపోయిన గాలి కావలసినంత వేడెక్కదు. పైగా సిమిలిగుడ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, గాలి పీడనం తీరంలో కంటే దాదాపు పదో వంతు తక్కువ. నాజిల్ చల్లిన డీజిల్ వెంటనే అంటుకోకుండా కాచుకుని ఉంటే, అంతలో పిస్టన్ కిందికి దిగి గాలి మళ్లీ చల్లబడుతుంది, మంట రానే రాదు. ఆ కాలని డీజిలే సైలెన్సరు నుంచి తెల్లపొగగా, కళ్లు మండే వాసనతో వస్తుంది. ఆలస్యంగా అంటుకున్నప్పుడు పోగుపడినదంతా ఒక్కసారిగా మండుతుంది, మీరు వింటున్న టకటక అదే. సీటేన్ సంఖ్య కొలిచేది సరిగ్గా ఈ ఆలస్యాన్నే.

రాయగడ లారీ యజమాని: మా బీఎస్‌-6 లారీ మొన్న పొట్టంగి ఘాట్ ఎక్కుతూ శక్తి చాలక మూడుసార్లు ఆగింది. అది కూడా సీటేన్ వల్లేనా? అదే బంకులో పోయించాము.

డీజిల్ ల్యాబు విశ్రాంత ఉద్యోగి, విశాఖ: ఇంజిన్ వేడెక్కిన తర్వాత ఘాట్ మీద శక్తి తగ్గడం వేరే కథ. ఫిల్టరు, టర్బో గొట్టాలు, సైలెన్సరులోని మసి ఫిల్టరు చూపించండి. మీ బండిలో అసలు చల్లింపుకు ముందే కొద్ది డీజిల్ చల్లి సిలిండర్ లోపలి గదిని వేడి చేసే ఏర్పాటు ఉంటుంది, అందువల్ల సీటేన్ తేడా ఈ పాత పికప్‌లో తెలిసినంతగా మీకు తెలియదు.

పర్లాకిమిడి కోళ్ల వ్యాన్ నిర్వాహకురాలు: నేను మూడు నెలలు ఒకే వ్యాన్‌లో ప్రీమియం, మూడు నెలలు మామూలు డీజిల్ పోయించి లెక్క రాశాను. మైలేజిలో నాకు తేడా కనిపించలేదు, కానీ ఉదయం మోత తగ్గిన మాట వాస్తవం. డ్రైవరుకు ఏ డీజిల్ పోశామో ముందుగా చెప్పలేదు, అయినా అతనే గమనించాడు. అందువల్ల "అంతా వ్యాపారమే" అని కొట్టిపారేసే వాదనను నేను ఒప్పుకోను.

డీజిల్ ల్యాబు విశ్రాంత ఉద్యోగి, విశాఖ: అమ్మా, మీ పరిశీలనను నేను కాదనను. అయితే సీటేన్ సంఖ్యను ఎలా తీస్తారో చెబితే ఎంత వరకు నమ్మవచ్చో తెలుస్తుంది. నిమిషానికి 900 చుట్లు తిరిగే ఒంటి సిలిండర్ ఇంజిన్‌లో, పిస్టన్ పైకొసకు చేరడానికి 13 డిగ్రీల ముందు డీజిల్ చల్లుతారు. సరిగ్గా పైకొసలో అంటుకునే వరకు ఒక చేతిచక్రం తిప్పి కంప్రెషన్ మారుస్తారు. ఆ చక్రం చూపిన అంకెను, సీటేన్ ముందే తెలిసిన రెండు మిశ్రమాల అంకెలతో పోలుస్తారు. నేను ఆ చక్రం ఎన్నో ఏళ్లు తిప్పాను. ఒకే నమూనాను రెండు మంచి ల్యాబులు కొలిచినా సుమారు నాలుగు అంకెల దాకా తేడా రావచ్చు. మన దేశంలో మామూలు డీజిల్‌కే కనీసం 51 ఉండాలన్నది నియమం, కనుక కాగితం మీద 51, 53 అనే తేడాకు డబ్బు పెట్టవద్దు. నాలుగైదు అంకెలు నిజంగా పెరిగితే మాత్రం మీ కొండ మీద తెల్లవారుజామున తెలుస్తుంది.

కాబట్టి సిమిలిగుడ వారికి నా మాట, ముందు, చలిలో సిలిండర్లను వేడి చేసే హీటర్ ప్లగ్గులు చూడండి. నాలుగింటినీ కలిపే పట్టీ విప్పి, 12 వోల్టుల బల్బు ఒక తీగను బ్యాటరీ ప్లస్‌కు, మరొకదానిని ఒక్కో ప్లగ్గు కొసకు ఆనించండి. బల్బు వెలగని ప్లగ్గు చచ్చినట్లే. తర్వాత సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ వోల్టేజీ పదికి బాగా కిందకు పడుతోందా అని మీటరుతో చూడండి. ఇంజిన్ నీరసంగా తిరిగితే ఎంత మంచి డీజిల్ అయినా ఆలస్యమే.

జయపురం మెకానిక్: ప్లగ్గులు బాగుంటే? బంకులోనే కల్తీ జరిగితే?

డీజిల్ ల్యాబు విశ్రాంత ఉద్యోగి, విశాఖ: బంకులో సాంద్రత అడగడం మీ హక్కు, అడగండి. కానీ సాంద్రత చూసి సీటేన్ చెప్పలేము. సీటేన్ పెంచే నైట్రేట్ ద్రావణం వెయ్యి లీటర్లకు ఒక లీటరు కలిపితే సంఖ్య మూడు నుంచి ఐదు దాకా పెరుగుతుంది, సాంద్రత మాత్రం దాదాపు కదలదు.

సిమిలిగుడ కూరగాయల బండి: నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. బల్బు రెండు ప్లగ్గుల మీదే వెలిగింది, ఒకటో, మూడో సిలిండర్లవి చచ్చిపోయాయి. రెండింటినీ మార్చాము. నిన్న మంచు పట్టిన ఉదయం రెండోసారి సెల్ఫ్‌కే అందుకుంది, తెల్లపొగ బాగా తగ్గింది. కానీ టకటక ఇంకా అరనిమిషం ఉంది.

పర్లాకిమిడి కోళ్ల వ్యాన్ నిర్వాహకురాలు: ఆ మిగిలిన అరనిమిషమే నేను చెబుతున్నది. ఒక ట్యాంకు ప్రీమియం పోయించి చూడండి.

డీజిల్ ల్యాబు విశ్రాంత ఉద్యోగి, విశాఖ: చూడండి, అభ్యంతరం లేదు. కానీ దాదాపు ఇరవై ఏళ్ల ఇంజిన్‌లో కంప్రెషన్ తగ్గినా, పంపు టైమింగ్ జరిగినా ఇదే మోత వస్తుంది. పాత డీజిల్ పూర్తిగా అయిపోయాక కొత్తది పోయించి, ఒకేలాంటి చలి ఉన్న మూడు ఉదయాలు మోత ఎన్ని సెకన్లు ఉందో ఫోను గడియారంతో రాసుకోండి. తర్వాత మామూలు డీజిల్‌తో మరో మూడు ఉదయాలు రాయండి.

సిమిలిగుడ కూరగాయల బండి: ట్యాంకులో ఇంకా పన్నెండు లీటర్లు ఉంది. అది అయిపోయాక మొదలుపెట్టి, సెకన్లు ఇక్కడే రాస్తాను.