నోట్ల ముద్రణ పెరుగుతూనే ఉన్నా 1923 చివర్లో జర్మనీ ధరలు ఎలా ఆగాయి?

అధిక ద్రవ్యోల్బణం గురించి చదువుతున్నాను. ఒక చోట ఆగిపోయాను, తెలిసినవారు సాయం చేయండి.

నాకు అర్థమైంది ఇది. జనం దగ్గరున్న నోట్ల మొత్తం విలువ 100 బస్తాల ధాన్యం అనుకుందాం. ప్రభుత్వానికి నెలకు 5 బస్తాల లోటు. నోట్లు 5 శాతం పెంచితే సరిపోతుంది. కానీ ధరలు పెరుగుతుంటే నోటు దాచుకోవడం నష్టం కదా, అందుకే జనం చేతికి రాగానే సరుకుగానో విదేశీ డబ్బుగానో మార్చేస్తారు. అలా వాళ్ళు ఉంచుకునే నోట్ల విలువ 10 బస్తాలకు పడిపోతే, అదే లోటుకు నెలకు 50 శాతం ముద్రించాలి. పైగా ఈరోజు లెక్కగట్టిన పన్ను రెండు నెలల తర్వాత వసూలైతే, నెలకు 50 శాతం ధరల పెరుగుదలలో దాని విలువ సగం కూడా మిగలదు. దాంతో లోటే పెరుగుతుంది. ఇంతవరకు స్పష్టమే.

1923 నవంబర్‌లో జర్మనీ రెంటెన్‌మార్క్ అనే కొత్త నోటు తెచ్చింది, ఒక్కోటి లక్ష కోట్ల పాత మార్కులకు సమానం. ధరలు నిలబడ్డాయి. కానీ ఆ తర్వాత కూడా చలామణిలోని డబ్బు చాలా పెరిగిందట! ఇదే నాకు మింగుడుపడటం లేదు.

జనం మళ్ళీ డబ్బు చేతిలో ఉంచుకోవడం మొదలుపెట్టడం వల్లే ఆ అదనపు నోట్లు ధరలను పెంచలేదా? అలాగైతే వాళ్ళకు నమ్మకం దేనివల్ల వచ్చింది: కొత్త నోటు వల్లా, నోట్లు జారీ చేసే బ్యాంకు ప్రభుత్వానికి ఇచ్చే అప్పుకు పరిమితి పెట్టడం వల్లా? ఈ రెండింటినీ విడదీసి చూసే పద్ధతి ఏమైనా ఉంటే దయచేసి వివరించండి.