వాన పడితే వైర్‌లెస్ నెట్ పోతోంది, శాటిలైట్‌కి మారాలా?

లంక_కుర్రాడు: అమలాపురం దగ్గర మా ఊరికి ఫైబర్ లేదు. 4 కిలోమీటర్ల అవతల టవర్ నుంచి 5.8 గిగాహెర్ట్జ్ రేడియోతో 50 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నాం. మామూలుగా 40 పైనే వస్తుంది, వాన పడితే 3కి పడిపోతుంది. ఇది మానేసి శాటిలైట్ పెట్టించుకుంటే మేలా?

డిష్_సూరిబాబు: ఇందులో తెలియనిదేముంది? మబ్బు పట్టగానే ఇంట్లో టీవీలో సిగ్నల్ లేదని రావట్లేదా? వాన చుక్కలు తరంగాల్ని మింగేస్తాయి. గాల్లోంచి వచ్చేది ఏదైనా అంతే.

టవర్_ఎక్కినోడు: టీవీ డిష్ సంగతి నిజమే సూరిబాబు గారూ, కానీ అది 11, 12 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ వాన దెబ్బ పెరుగుతుంది. 5.8 దగ్గర కుండపోతలో కూడా కిలోమీటరుకు ఒక డీబీ పోదు. నాలుగు కిలోమీటర్లకు మూడు, నాలుగు డీబీలు దాటదు. దానికే 40 కాస్తా 3 అవదు.

తమ్ముడూ, ఈసారి వాన పడినప్పుడు రేడియో పేజీ తెరిచి సిగ్నల్ చూడు. వాన ఆగాక ఎంతసేపటికి కోలుకుంటుందో కూడా చూడు. ఆగిన వెంటనే లేస్తే తప్పు వానదే. గంటా రెండు గంటలు ఈడిస్తే తడిసిన చెట్లు. సిగ్నల్ బాగానే ఉండి నెట్ మాత్రం తెగుతుంటే, లేదా LAN 1000 నుంచి 100కో 10కో దిగితే, కేబుల్ కనెక్టర్‌లోకి నీళ్లు దిగాయి. అది మర్నాటిదాకా వదలదు.

డాలస్_పెద్దోడు: మా ఫార్మ్‌హౌస్‌లో లో ఆర్బిట్ శాటిలైట్ పెట్టాను. పింగ్ 30, 40 మిల్లీసెకన్లు. పెద్ద ఉరుముల వానకి ఓ ఐదు నిమిషాలు పోతుంది, మళ్లీ వచ్చేస్తుంది. మీరూ అదే తీసుకోండి, గొడవ వదిలిపోతుంది.

నైట్‌షిఫ్ట్_స్వప్న: అన్నయ్యా, మీదీ మాదీ ఒకటి కాదు. మా ఊళ్లో ఒక కంపెనీ పెట్టింది పాత రకం, 35,786 కిలోమీటర్ల ఎత్తున కదలకుండా ఉండే ఉపగ్రహం. స్పీడ్ 20 వస్తుంది, వీడియోలు హాయిగా ఆడతాయి. కాల్‌లో మాత్రం నేను మాట్లాడాక అవతలివాళ్ల జవాబు రావడానికి సెకను దాకా పడుతుంది. ఈలోపు ఇద్దరం ఒకేసారి మొదలెడతాం, ఇద్దరం ఆగిపోతాం. పింగ్ 600 తగ్గదు. మేనేజర్ నాకు శ్రద్ధ లేదనుకుంటున్నాడు.

డిష్_సూరిబాబు: 100 ప్లాన్ తీసుకోమ్మా, పింగ్ తగ్గుతుంది.

టవర్_ఎక్కినోడు: తగ్గదండీ. మన మాట పైకెళ్లి దిగాలి, జవాబు మళ్లీ పైకెళ్లి దిగాలి. మొత్తం లక్షా నలభై మూడు వేల కిలోమీటర్లు. వెలుతురు వేగంతో పోయినా 480 మిల్లీసెకన్లు దారిలోనే అయిపోతాయి. ఎంత డబ్బు కట్టినా దారి దగ్గరవదు. డాలస్ అన్న చెప్పినవి 550 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి, అందుకే ఆ పింగ్.

లంక_కుర్రాడు: నిన్న రాత్రి చూశాను. మామూలుగా -61 ఉండేది -78కి పడింది. తొమ్మిదికి వాన ఆగింది, పదిన్నర దాటాక గానీ లేవలేదు. LAN మారలేదు.

టవర్_ఎక్కినోడు: 17 డీబీ, అదీ గంటన్నర. చెట్లే. రేడియో దారి గీతలా సన్నగా ఉండదు. నీ దూరానికి సరిగ్గా మధ్యలో చుట్టూ ఏడు మీటర్ల మందాన ఉంటుంది, అందులో కనీసం నాలుగు మీటర్లు ఖాళీగా ఉండాలి. కొబ్బరి తలలు అందులోకి వచ్చుంటాయి. పొడిగా ఉన్నప్పుడు ఎలాగో దాటుతుంది. మట్టలు తడిస్తే దాటదు. సిగ్నల్ తగ్గితే రేడియో వెంటనే తెగిపోదు, నెమ్మదిస్తుంది, నీ 3 అదే. ఏ వైపు చెట్లో చూసి పోల్ లేపించు.

ఊరి_ఆపరేటర్: లేపించు అనడం తేలికే. ఎవరు లేపాలి? నేనూ ఈ వ్యాపారమే చేస్తాను. పెట్టిన రోజు చెట్లు కిందే ఉంటాయి, మూడేళ్లకి పైకొస్తాయి. ఇనుప పైపు, స్టే వైర్లు, ఇద్దరు మనుషుల కూలీ నా జేబులోంచా? ప్లాన్‌లో "50 వరకు" అని రాశాం కదా.

నైట్‌షిఫ్ట్_స్వప్న: "వరకు" అని రాసి సున్నా ఇచ్చినా సరిపోతుందన్నమాట! ఫీజు మాత్రం పూర్తిగా తీసుకుంటారు. మా వాళ్లూ ఇదే పాట.

ఊరి_ఆపరేటర్: అమ్మా, నా టవర్ మీద నలభై ఇళ్లు. సాయంత్రం అందరూ సినిమాలు పెడితే ఎవరికీ 50 రాదు, అది దాచలేదు. మీరు కట్టే నెలకి ఇంతకంటే కుదరదు.

టవర్_ఎక్కినోడు: సాయంత్రం తగ్గితే అది మీరు చెప్పిన రద్దీ. ఇతనికి పడేది వానకి. పెట్టేటప్పుడే చెట్టు పెరుగుదల లెక్కేసి మూడు మీటర్లు ఎక్కువ ఎత్తులో కడితే ఈ గొడవే ఉండదు. ఆ ఖర్చు ఇన్‌స్టలేషన్‌లో ముందే చెప్పాలి, తర్వాత కస్టమర్ మీద రుద్దకూడదు.

ఊరి_ఆపరేటర్: ముందే చెప్తే పక్కవాడి దగ్గరికి పోతారు సార్. వాడు డాబా మీద రెండడుగుల పైపు పెట్టి సగం రేటుకి ఇస్తాడు.

లంక_కుర్రాడు: చూశాను, చెట్లు మా పెదనాన్నవి. కొట్టమంటే ఇల్లు రెండు అవుతుంది. పోల్‌కి మా ఆపరేటర్ సగం పెట్టుకోమంటున్నాడు.

డిష్_సూరిబాబు: నేను ముందే చెప్పాను కదా, వాన వల్లే అని.