పిన్ని పంపిన బ్యాంకు మెసేజ్ స్క్రీన్‌షాట్: ఇది దొంగదేనా?

వాసు (పర్లాకిమిడి): పిన్ని మా ఫ్యామిలీ గ్రూపులో ఒక స్క్రీన్‌షాట్ పెట్టింది. మెసేజ్ ఇంగ్లీషులో ఉంది. మీ ఖాతా ఈ రాత్రికి బ్లాక్ అవుతుంది, వెంటనే పాన్ అప్‌డేట్ చేయండి అని రాసి, కింద `bit.ly/xxxxxxx` లాంటి లింకు ఇచ్చారు. ఎవరైనా నొక్కుతారేమోనని అసలు అక్షరాలు ఇక్కడ పెట్టడం లేదు. ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకిచ్చే సుభద్ర పథకం డబ్బు తనకింకా పడలేదు, కేవైసీ లేకే ఆగిందేమోనని పిన్నికి ఒకటే టెన్షన్. బొమ్మ చూసి ఎలా తేల్చాలి?

లక్ష్మి (బరంపురం): స్పెల్లింగులు చూడండి. దొంగ మెసేజుల్లో తప్పులు ఉంటాయి.

వాసు: అన్నీ చూశానండీ, ఒక్క తప్పూ లేదు.

రమణమూర్తి (రాయగడ): తప్పులుంటే అనుమానించాల్సిందే లక్ష్మి గారూ, కానీ తప్పులు లేనంత మాత్రాన అసలుదని కాదు. వాసూ, ఆ బొమ్మ పైభాగం కత్తిరించి ఉంది. ఎవరు పంపారో కనిపించేది అక్కడే. మొత్తం స్క్రీన్ మళ్లీ తీసి పంపమని పిన్నిని అడుగు. మెసేజ్ డిలీట్ చేయొద్దని, లింకు ముట్టుకోవద్దని కూడా చెప్పు.

వాసు: పంపింది. పైన `+91`, తర్వాత పది అంకెల నంబరు.

రమణమూర్తి: అయితే దొంగదే. బ్యాంకు ఖాతా మెసేజులు మామూలు మొబైల్ నంబరు నుంచి రావు. `AX-BANKNM-S` తీరులో అక్షరాలతో వస్తాయి. చివరి అక్షరం 2025 నుంచి కనిపిస్తోంది. `P` అంటే ప్రకటన, `S` అంటే సర్వీస్, `T` అంటే లావాదేవీ, `G` అంటే ప్రభుత్వం. ఖాతా బ్లాక్ అవుతుందన్న కబురు `P`తో వచ్చినా అనుమానించాలి.

శ్రీను (గుణుపురం): నాకు బ్యాంకు మెసేజుల్లో మొదటి రెండు అక్షరాలు రోజుకో రకంగా వస్తున్నాయి. మాది ఒడిశా, సిమ్ మాత్రం ఆంధ్రాది. ఒడిశా అక్షరం లేకపోతే దొంగదేనా?

రమణమూర్తి: కాదు శ్రీనూ. ఆ రెండక్షరాలు మెసేజ్ ఏ టెలికాం కంపెనీ నుంచి, ఏ సర్కిల్ నుంచి బయల్దేరిందో చెబుతాయి. నీ సిమ్‌తో, నీ ఊరితో వాటికి సంబంధం లేదు. మన సరిహద్దులో చాలామంది ఇక్కడే తికమకపడతారు.

లక్ష్మి: మరి అక్షరాల పేరుతో వస్తే నమ్మేయొచ్చు కదా?

రమణమూర్తి: పూర్తిగా నమ్మలేం. రిజిస్టర్ చేసుకున్న పేర్లను కూడా దుర్వినియోగం చేసిన సందర్భాలున్నాయి. నంబరు నుంచి వస్తే దొంగదని తేల్చేయొచ్చు, పేరుతో వస్తే మాత్రం లింకు కూడా చూడాలి. పొట్టి లింకులో ఉన్న చిక్కేమిటంటే, ఎక్కడికి తీసుకెళ్తుందో బయటికి కనపడదు. బిట్‌లీ లింకైతే చివర కూడిక గుర్తు చేర్చి, `bit.ly/xxxxxxx+` అని కంప్యూటర్‌లో కొడితే అసలు చిరునామా చూపిస్తుంది. స్క్రీన్‌షాట్ చూసి కొట్టేటప్పుడు జాగ్రత్త. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు వేరువేరు. చిన్న `l`, పెద్ద `I` ఒకేలా కనిపిస్తాయి.

వాసు: చూశాను. బ్యాంకు పేరు, హైఫన్, కేవైసీ, చివర `.web.app` అని ఉంది. బ్యాంకు పేరు ఉంది కదా అని క్షణం ఆగాను.

రమణమూర్తి: `https://` తర్వాత వచ్చే మొదటి `/` గీతకు ముందున్న భాగాన్ని కుడి నుంచి ఎడమకు చదువు. `web.app` ఉచిత హోస్టింగ్, దాని ముందు ఎవరైనా ఏ పేరైనా తగిలించుకోవచ్చు. మన బ్యాంకుల సైట్లు 2025 అక్టోబరు 31 లోగా `.bank.in`కు మారాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఒక్కోసారి పొట్టి లింకు వెనక ఇంకో పొట్టి లింకు ఉంటుంది. అప్పుడు ఈ కూడిక గుర్తు చిట్కా సగం దారిలోనే ఆగిపోతుంది.

అప్పారావు (కాశీనగర్): మాకు కరెంటు కట్ చేస్తామని వచ్చింది బాబూ. అందులో లింకు లేదు, ఫోన్ నంబరే ఉంది. మా అబ్బాయి ఫోన్ చేస్తే, స్క్రీన్ చూపించే యాప్ ఒకటి వేసుకోమన్నారు. వాడికి అనుమానమొచ్చి పెట్టేశాడు. అదీ ఇలాంటిదేనా?

రమణమూర్తి: అదే ముఠా పని అని చెప్పలేను గానీ తీరు ఒకటే అప్పారావు గారూ. రాత్రికల్లా అంటూ గడువు పెట్టి, ఆలోచించే టైమ్ ఇవ్వరు. ఆ యాప్ వేసుకోకపోవడమే మంచిదైంది.

శ్రీను: మా బ్యాంకు నిజంగానే తన సొంత పొట్టి లింకుతో మెసేజులు పంపుతుంది. వాటిని ఎలా నమ్మాలి?

రమణమూర్తి: కొన్ని బ్యాంకులు పంపే మాట నిజమే. బొమ్మ ఒక్కటే చూసి తేల్చే దారి నాకు తెలియదు. నేనైతే లింకు వదిలేసి బ్యాంకు యాప్ తెరుస్తాను. అక్కడ ఏ హెచ్చరికా లేకపోతే మర్నాడు బ్రాంచికి వెళ్లి అడుగుతాను.

లక్ష్మి: మా అత్తగారికి యాప్ లేదు, బటన్ ఫోనే. ఆవిడ లాంటి వాళ్లకు బ్రాంచే గతి.

వాసు: పిన్ని లింకు నొక్కలేదట. అయినా ఫోన్ తీసుకుని డౌన్‌లోడ్స్ చూశాను, కొత్త ఏపీకే ఫైలేదీ లేదు. `sancharsaathi.gov.in`లో అనుమానపు మెసేజులపై ఫిర్యాదు చేసే చక్షు విభాగంలో నంబరు, తేదీ, పూర్తి స్క్రీన్‌షాట్ పెట్టి ఫిర్యాదు చేశాను. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని అక్కడే ఉంది. సుభద్ర సంగతి రేపు బ్యాంకులో అడుగుతాను. ఆధార్ లింకు అయిందో లేదో కూడా చూడమంటాను.