అప్‌డేట్: బిడ్డకు తెల్లబట్ట, డాక్టరమ్మ చెప్పింది

నేను అడిగింది: "బిడ్డకు 11 ఏండ్లు, ఇంకా పెద్దమనిషి కాలేదు. మూడు నెలల సంది తెల్లబట్ట అయితుంది. రోగమా?"

కాదట. నల్లగొండల డాక్టరమ్మకు చూపించినం. ఆమె ముందుగాల అడిగింది, రొమ్ములు ఎప్పుడు మొదలైనయని. ఏడాదిన్నర దాటింది. అంటే ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ పని చేస్తున్నట్టే. దానితోనే యోని లోపలి పొర మందమైతది, గర్భాశయం మూతి దగ్గర జిగురు ఊరుతది. మొదటి నెలసరికి మామూలుగా 6 నుంచి 12 నెలల ముందు ఇది మొదలైతది.

డ్రాయర్ మీద పసుపు మరకను చీము అనుకున్నం. తడి మీద చూస్తే తెల్లగా, పల్చగా ఉంది, వాసన లేదు. ఆరినంకనే పసుపు తేలుతది. అందుకే తడి మీదనే చూడాలె.

తెల్లబట్ట అయితే ఎముకలు కరిగి పోతయని అనేది ఉత్త మాట. మందు రాయలేదు. కాటన్ డ్రాయర్లు, తడిస్తే మార్చుడు, బయట మాత్రమే మంచినీళ్లతో కడుగుడు. లోపల సబ్బు పెడితే ఒరుసుకపోయి, లేని దురద వస్తది.

దురద, మంట, చెడు వాసన, పెరుగు గడ్డల్లాంటిది, ఆకుపచ్చ రంగు, నెత్తురు కనబడితే మాత్రం ఆగొద్దు. రొమ్ములు రాకముందే తెల్లబట్ట అయినా చూపించాలె.

బడి సంచిల రెండు ప్యాడ్లు, ఒక డ్రాయర్ పెట్టినం.